బోర్డు ఒకటి చెప్తుంటే లోపల ఇంకొకటి: రెస్టారెంటు బ్రాండ్‌లో తేడా ఎక్కడుందో పట్టుకోవడం

నన్ను వచ్చి చూడమన్న ఒక రెస్టారెంటు గురించి చెప్తాను. 40 సీట్లు, వంటంతా కట్టెల నిప్పు మీదే. తిన్నవాళ్లు బాగుందనే అంటున్నారు. అయినా సాయంత్రం పూట సగం టేబుళ్లు ఖాళీగా ఉంటున్నాయి. ఓనరు గారు కొత్త లోగో కోసం డిజైనర్‌తో మాట్లాడేశారు. ఆ పని కొన్నాళ్లు ఆపి, ముందు రెండు సాయంత్రాలు ఎదురు పేవ్‌మెంట్ మీద నిలబడి చూద్దామన్నాను. ఎందుకంటే మనిషి రోడ్డు మీద నుంచి టేబుల్ దాకా వచ్చే దారిలో ఏ చోట ఆగిపోయాడో తెలిస్తే, రోగం ఏంటో చాలావరకు తెలిసిపోతుంది.

అసలు బోర్డు వైపే చూడకుండా వెళ్లిపోతుంటే, బోర్డు కనపడట్లేదు లేదా చదవడం కుదరట్లేదు. బోర్డు చదివి, అద్దంలోంచి లోపలికి చూసి వెనక్కి తిరిగితే, బోర్డు చెప్పిన మాటకీ లోపలి గదికీ పొత్తు కుదరట్లేదు. కూర్చుని, మెనూ తిరగేసి లేచిపోతే తేడా మెనూలో ఉంది. మాటలోనో, ధరలోనో. తిని వెళ్లి మళ్లీ రాకపోతే మాత్రం అది వంటదో, సర్వీసుదో. దాన్ని బ్రాండ్‌తో బాగుచేయాలని చూడకండి, డబ్బు వృథా.

సమస్య: గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరుగుతున్నారు

మేము చూసిన రెండు గంటల్లో 31 మంది బోర్డు దగ్గర ఆగారు. వాళ్లలో 12 మంది అద్దంలోంచి లోపలికి చూసి కదిలిపోయారు. అంటే బోర్డు ఆపగలుగుతోంది, గది నిలబెట్టుకోలేకపోతోంది.

బోర్డు మీద సన్నటి బంగారు రంగు గొలుసు అక్షరాలు, పేరు కింద "లౌంజ్ అండ్ డైనింగ్". అద్దంలోంచి చూస్తే ట్యూబ్‌లైట్లలా తెల్లటి వెలుతురు, గోడల నిండా వంటకాల ఫొటోలు, దగ్గర దగ్గరగా చిన్న టేబుళ్లు. పొయ్యి గోడ వెనకాల ఉంది, ఎవరికీ కనపడదు. లౌంజ్ అన్న మాట చదివి, మెత్తటి సోఫా, మసక వెలుతురు ఊహించుకుని వచ్చినవాళ్లకి లోపల క్యాంటీన్ కనపడింది. నిప్పు మీద కాల్చింది కడుపునిండా తినాలనుకునేవాళ్లు లౌంజ్ అన్న మాటకే ఇది మనది కాదనుకున్నారు. ఒక్క బోర్డు రెండు రకాల మనుషుల్నీ పోగొట్టుకుంది.

అసలు కారణం ఇంకా వెనకాల ఉంది. ఈ చోటు ఏంటో ఒక్క వాక్యంలో చెప్పమని ఓనరు గారినీ, వంటాయన్నీ, ఇద్దరు వెయిటర్లనీ విడివిడిగా అడిగాను. నాలుగు జవాబులు వచ్చాయి. "ప్రీమియం ఎక్స్‌పీరియన్స్" అన్నారు ఓనరు గారు. "అన్నీ దొరుకుతాయి" అన్నాడు ఒక వెయిటర్. "ఫ్యామిలీ రెస్టారెంట్" అన్నాడు ఇంకొకడు. వంటాయన మాత్రం "కట్టెల మంట మీద కాలుస్తాం, పెద్ద పళ్లెంలో మధ్యలో పెడితే నలుగురూ తింటారు" అన్నారు. నాలుగు జవాబుల్లో పనికొచ్చేది అదొక్కటే. ఎందుకంటే దాన్ని పట్టుకుని ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో తేల్చవచ్చు. "ప్రీమియం" అన్న మాటతో ఏ బల్బు కొనాలో తేలదు. "నిప్పు, పంచుకోవడం" అన్న మాటలతో తేలుతుంది.

తేలింది కూడా. వెలుతురు రంగుని కెల్విన్లలో కొలుస్తారు, అంకె తక్కువైతే ఎర్రగా, ఎక్కువైతే తెల్లగా ఉంటుంది. కొవ్వొత్తి మంట రంగు దాదాపు 1,900 కెల్విన్. కట్టెల మంటా అలాగే ఎర్రగా, వెచ్చగా ఉంటుంది. అక్కడున్న బల్బులేమో 6,500 కెల్విన్. అంత తెల్లటి వెలుతురులో మంట వెలవెలబోతుంది, నిప్పు మీద కాల్చిన వంటకం బూడిద రంగులో కనపడుతుంది. వాటి చోట 2,700 కెల్విన్ బల్బులు పెట్టించాం. బల్బు పెట్టె మీద సీఆర్‌ఐ అని ఒక అంకె ఉంటుంది, అది 90 పైన ఉన్నవే తీసుకోమన్నాను. అంకె తక్కువైతే వెలుతురు వెచ్చగా ఉన్నా తిండి అసలు రంగు కనపడదు. గోడల మీది ఫొటోలు తీసేశాం. పొయ్యికి అడ్డంగా ఉన్న గోడలో నడుం ఎత్తు నుంచి పైకి ఇంజనీరుకి చూపించి తెరిపించాం. అది బరువు మోసే గోడ కాదు కాబట్టి కుదిరింది. ఇప్పుడు అద్దంలోంచి చూస్తే మొదట మంటే కనపడుతుంది. ఇంతకంటే మంచి బోర్డు ఏ డిజైనరూ గీయలేడని నా నమ్మకం.

టేబుళ్ల సంగతి ఇంకా సూటిగా ఉంది. పంచుకుని తినే చోట 60 సెంటీమీటర్ల వెడల్పు టేబుళ్లు వేశారు. 35 సెంటీమీటర్ల పళ్లెం మధ్యలో పెడితే ఎవరి ప్లేటుకీ చోటు మిగలదు. అందుకే జనం విడివిడిగా ఆర్డర్ చేసుకునేవాళ్లు. వంటాయన ఊహించిన పద్ధతి ఆ బల్ల మీద సాధ్యమే కాదు. రెండేసి టేబుళ్లు కలిపి, సీట్లు 40 నుంచి 34 చేశాం. ఓనరు గారికి టెన్షన్ వచ్చింది, అది సహజం. కానీ సగం ఖాళీగా ఉండే గదిలో ఆ 6 సీట్లు లెక్కలోకి రావు.

సమస్య: ప్రతి టేబులూ "మీ దగ్గర స్పెషల్ ఏంటి?" అని అడుగుతోంది

ఒకరో ఇద్దరో అడిగితే అది మాట కలపడం. అందరూ అడుగుతుంటే మెనూ తన పని చేయట్లేదని అర్థం. వెయిటర్లని మూడు రోజులు ఒక చిన్న పుస్తకంలో ప్రశ్నలు రాయమనండి, ఎన్నిసార్లు అడిగారో గీతలు గీస్తూ. మెనూలో ఏ మాట లేదో కస్టమర్లే చెప్పేస్తారు.

ఇక్కడి మెనూలో 94 వంటకాలున్నాయి. వాటిలో పొయ్యి మీద చేసేవి 22 మాత్రమే. అవి కూడా ఒకచోట లేవు, పేజీలన్నిటా చెదిరిపోయి ఉన్నాయి. రాత ఇలా ఉండేది: "షెఫ్స్ స్పెషల్ గ్రిల్డ్ ఫిష్. నోరూరించే రుచుల అద్భుత మేళవింపు." ఈ వాక్యాన్ని ఏ రెస్టారెంటు మెనూలో అతికించినా అతుకుతుంది. జాడ్యం అక్కడే ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో భాషా పరిశోధకుడు డాన్ జురాఫ్‌స్కీ, తోటి పరిశోధకులతో కలిసి 6,500 అమెరికన్ మెనూల్ని కంప్యూటర్‌తో పరిశీలించారు. రుచికరం, అద్భుతం లాంటి ఊకదంపుడు మాటలు తక్కువ ధర వంటకాల పక్కనే ఎక్కువగా కనపడ్డాయి. చెప్పడానికి నిజంగా ఏదైనా ఉన్నవాళ్లకి ఆ మాటలతో అవసరం పడదు. ఏం వేశామో, ఎలా వండామో చెప్తే చాలు.

మేము ఒక్కో వంటకానికీ మూడు ప్రశ్నలు వేసుకున్నాం. నిప్పు దీనికి ఏం చేసింది? ఎంతమందికి సరిపోతుంది? ఎంతసేపు పడుతుంది? పై వాక్యం ఇలా మారింది: "కట్టెల నిప్పు మీద చర్మం కరకరలాడేలా కాల్చిన చేప. పైన కాల్చిన వెల్లుల్లి, నిమ్మరసం. ఇద్దరికి. 20 నిమిషాలు." ఇందులో పొగడ్త ఒక్కటి కూడా లేదు. చదివినవాడికి వాసన తగులుతుంది, ఎంతసేపు ఆగాలో కూడా తెలుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. మెనూ రాసేది డిజైనర్ కాకూడదు, ఓనరు ఒక్కరే కూడా కాకూడదు. వంటాయన దగ్గర కూర్చుని, ఆయన వంట చేస్తూ వాడే మాటల్ని రాసుకోవాలి. "సెగ తగలాలి", "బూడిదలో కప్పి ఉంచాలి" లాంటి మాటలు మాకు అలాగే దొరికాయి. వాటిలో కొన్ని వెయిటర్ల నోట్లోకి, తర్వాత బిల్లు మీదకి కూడా వెళ్లాయి. మెనూలో "బూడిదలో కాల్చిన దుంప" అని ఉండి, బిల్లు మీద "రోస్టెడ్ పొటాటో" అని వస్తే కస్టమర్‌కి రెండు వేరే చోట్ల తిన్నట్టుంటుంది.

94 వంటకాల్ని 31 చేశాం. తీసేసినవాటి కోసం మొదటి వారం కొందరు పాత కస్టమర్లు అడిగారు. ఎక్కువసార్లు అడిగిన రెండింటిని నిప్పు మీద చేసే పద్ధతిలోకి మార్చి తిరిగి పెట్టాం. మిగతావి మళ్లీ రాలేదు.

వెలుతురు తగ్గించాక మెనూ చదవడం కష్టమైంది. ఇది దాదాపు ప్రతిచోటా జరిగే పొరపాటు. 8 పాయింట్ల అక్షరాల్ని 11 చేసి, మెరిసే కాగితం మాని మామూలు కాగితం వాడాం. ఆ రాత్రి వెలుతురులోనే, ఒక పెద్ద వయసు మనిషి చేత చదివించి చూడండి. ఆఫీసులో కంప్యూటర్ తెర మీద చూసి ఓకే చేయకండి.

సమస్య: తినగానే లేచిపోతున్నారు

పంచుకుని, మాట్లాడుకుంటూ తినే చోట ఇది లోపం. త్వరగా తిని వెళ్లే చోటైతే అదే కావాలి. అందుకే కాన్సెప్ట్ తేల్చుకోకుండా మ్యూజిక్ గురించి మాట్లాడటం దండగ. మార్కెటింగ్ పరిశోధకుడు రొనాల్డ్ మిల్లీమన్ ఒక రెస్టారెంటులో చేసి 1986లో అచ్చువేసిన అధ్యయనంలో, నెమ్మదైన లయ ఉన్న సంగీతం వేసినప్పుడు భోజనానికి కూర్చున్నవాళ్లు సగటున 56 నిమిషాలు ఉన్నారు, వేగమైనది వేసినప్పుడు 45 నిమిషాలు. ఈ రెస్టారెంటులో వెయిటర్ల ఫోన్ నుంచి ఎవరికి నచ్చింది వాళ్లు వేసేవాళ్లు. నెమ్మదైన పాటల జాబితా ఒకటి తయారుచేసి, శబ్దం తగ్గించి, మార్చే పని ఒక్కరికే అప్పజెప్పాం. టేబుల్ అవతలి మనిషితో గొంతు పెంచకుండా మాట్లాడగలిగితే శబ్దం సరిగ్గా ఉన్నట్టే.

ఇక బోర్డు

బోర్డుని కావాలనే చివరికి ఉంచాను. దాని మీద ఏ మాట రాయాలో మెనూ తేల్చేదాకా తెలియదు. చేయించడానికి బోలెడు ఖర్చు, ఒకసారి బిగించాక మళ్లీ మార్చడానికి ఎవరికీ మనసొప్పదు.

తేలిగ్గా చదవగలగాలంటే ప్రతి 3 మీటర్ల దూరానికీ అక్షరం 2.5 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలన్నది బోర్డులు చేసేవాళ్ల మోటు లెక్క. ఎదురు పేవ్‌మెంట్ 15 మీటర్ల దూరంలో ఉంది, అంటే కనీసం 12 నుంచి 13 సెంటీమీటర్లు కావాలి. పాత అక్షరాలు 9 సెంటీమీటర్లే, పైగా గొలుసు రాత. కొత్తవి లావుగా, విడివిడిగా, 14 సెంటీమీటర్లు పెట్టించాం. వెనకాల నుంచి వెచ్చటి వెలుతురు, లోపలి బల్బుల రంగే. "లౌంజ్ అండ్ డైనింగ్" పోయింది. దాని చోట వంటాయన మాట వచ్చింది: "కట్టెల నిప్పు వంట". ఆన్‌లైన్ మ్యాప్‌లోనూ, ఫోన్ ఎత్తగానే చెప్పే పలకరింపులోనూ అదే మాట పెట్టాం. తలుపు మీద, చేతులు కడిగే చోట, బిల్లు కట్టే చోట ఉన్న చిన్న చిన్న రాతలు కూడా అదే అక్షరాల్లోకి మారాయి. లోగో మారలేదు.

ఆరు వారాల తర్వాత అదే పేవ్‌మెంట్ మీద, వారంలో అవే రోజుల్లో, అదే సమయంలో మళ్లీ నిలబడ్డాం. ఈసారి 29 మంది ఆగారు, అద్దం దాకా వచ్చి వెనక్కి తిరిగినవాళ్లు నలుగురు. బోర్డు పెద్దదైనా ఆగేవాళ్లు పెరగకపోవడం ఓనరు గారికి నిరాశే. ఆగినవాళ్లలో లోపలికి వచ్చేవాళ్లు పెరిగారు, నేను చూడమన్నది అదే. వెయిటర్ల పుస్తకంలో "స్పెషల్ ఏంటి?" కింద గీతలు బాగా తగ్గాయి. వాటి చోట కొత్త ప్రశ్న ఒకటి పైకి వచ్చింది: "పొయ్యి దగ్గరి టేబుల్ ఖాళీగా ఉందా?" ఆ టేబుల్ దగ్గర సెగ కాస్త ఎక్కువే, ఎండాకాలం వచ్చేలోపు దాని సంగతి చూడాలి.