చలానా కట్టేశాం, పోర్టల్లో ఇంకా Pending అంటోంది: స్టేటస్ సరిచూసుకునే పద్ధతి

ట్రాఫిక్ చలానా ఆన్‌లైన్‌లో కడతాం. ఖాతాలోంచి డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వస్తుంది. పోర్టల్ తెరిస్తే మాత్రం అదే చలానా ఎదురుగా Pending అనే కనిపిస్తుంది. టెన్షన్‌తో చాలామంది అప్పటికప్పుడు ఇంకోసారి కట్టేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. రెండోసారి కట్టిన సొమ్ము కూడా ప్రభుత్వ ఖాతాకు చేరిపోతే, తనంతట తాను వెనక్కి రాదు. దానికోసం సంబంధిత శాఖకు అర్జీ పెట్టుకుని తిరగాలి. కొన్ని రోజులు ఓపిక పడితే పోయే పనికి అంత తిప్పలు ఎందుకు?

ఉదాహరణకు విజయవాడలో ఒకరికి హెల్మెట్ లేదని 1000 రూపాయల చలానా పడిందనుకుందాం. శుక్రవారం రాత్రి `echallan.parivahan.gov.in` లో యూపీఐతో కట్టారు. యాప్‌లో పిన్ కొట్టారు, డబ్బు కట్ అయింది, కానీ పోర్టల్ పేజీ తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది. రసీదు రాలేదు. ఇక్కడ జరిగిందేమిటంటే, డబ్బు బ్యాంకులోంచి బయల్దేరింది కానీ "సొమ్ము ముట్టింది" అనే కబురు మధ్యలో ఉన్న పేమెంట్ గేట్‌వే నుంచి పోర్టల్‌కు అందలేదు. ఆ కబురు అందేదాకా పోర్టల్ దృష్టిలో మీరు కట్టనట్టే. నెట్ తెగిపోయినా, పేజీ మధ్యలో మూసేసినా, బ్యాంకు సర్వర్ నెమ్మదించినా ఇలా జరుగుతుంది.

మొదట చేయాల్సింది, మీరు కట్టిన చలానా, Pending చూపిస్తున్న చలానా ఒకటేనా అని చూసుకోవడం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ గొడవ చాలాసార్లు ఇక్కడే తేలిపోతుంది. ఒకే బండికి ఒకే రోజు రెండు కూడళ్లలో రెండు చలానాలు పడవచ్చు, మొత్తం కూడా ఒకటే ఉండవచ్చు. పోర్టల్లో చలానా వివరాల పేజీకి వెళ్లి వాహన నంబరు, దాంతోపాటు ఛాసిస్ లేదా ఇంజిన్ నంబరులోని చివరి ఐదు అక్షరాలు ఇవ్వండి. అవి ఆర్‌సీ మీద ఉంటాయి. క్యాప్చా కొట్టి, ఓటీపీ అడిగితే అదీ ఇస్తే ఆ బండి మీదున్న చలానాలన్నీ వరుసగా వస్తాయి. చలానా నంబరును చివరి అంకె దాకా చదివి, మీరు కట్టినప్పటి మెసేజ్‌లోనో స్క్రీన్‌షాట్‌లోనో ఉన్న నంబరుతో పోల్చండి. తేదీ, మొత్తం సరిపోయినంత మాత్రాన వదిలేయకండి.

నంబరు అదే అయితే, అదే పోర్టల్లో ఆన్‌లైన్ సేవల మెనూ కింద Check Pending Transaction అనే లింకు కోసం చూడండి. మన సమస్య కోసమే పెట్టిన పేజీ అది. అక్కడ అడిగిన వివరాలు ఇస్తే, ఆగిపోయిన లావాదేవీ సంగతి గేట్‌వే దగ్గర మళ్లీ ఆరా తీస్తారు. డబ్బు నిజంగా అటువైపు చేరి ఉంటే స్టేటస్ మారి, చలానా పక్కన రసీదు లింకు వస్తుంది. మన విజయవాడ ఆయనకు శుక్రవారం రాత్రే ఇది మారకపోవచ్చు. మర్నాడు మళ్లీ చూడమనే చెబుతాను. బ్యాంకుల మధ్య లెక్కలు సరిచూసుకోవడానికి కాస్త టైం పడుతుంది, మధ్యలో సెలవులు వస్తే ఇంకాస్త.

ఈలోగా బ్యాంకు వైపు కూడా ఒక కన్నేసి ఉంచాలి. యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ తెరిస్తే 12 అంకెల యూటీఆర్ నంబరు కనిపిస్తుంది. దాన్ని రాసిపెట్టుకోండి. ఇకపై ఎవరితో మాట్లాడినా మొదట అడిగేది దాన్నే. ఖాతా స్టేట్‌మెంట్‌లో అంతే మొత్తం తిరిగి జమ అయిందేమో కూడా చూడండి. జమ అయిందంటే చెల్లింపు విఫలమైనట్టే, చలానా నిజంగానే బాకీ ఉంది, అప్పుడు నిశ్చింతగా మళ్లీ కట్టవచ్చు. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, యూపీఐలో మన ఖాతా నుంచి డబ్బు పోయి, అవతలి సంస్థకు నిర్ధారణ చేరకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా ఆ సొమ్ము దానంతటదే వెనక్కి రావాలి. అది దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. అందుకే శుక్రవారం కట్టినవారికి నేను బుధవారం దాకా ఆగమని చెబుతాను. ఆలోపు ఎక్కువగా ఈ రెండింట్లో ఒకటి తేలుతుంది: పోర్టల్లో స్టేటస్ మారడం, లేదా డబ్బు తిరిగి రావడం.

రెండూ జరగకపోతే యాప్‌లోని ఆ లావాదేవీ మీదే ఫిర్యాదు నమోదు చేయండి. జవాబు ఏం వస్తుందన్నదాన్ని బట్టి దారి మారుతుంది. "అవతలి ఖాతాకు జమ అయింది" అని బ్యాంకు చెబితే ఇక బ్యాంకును పట్టుకుని లాభం లేదు, పోర్టల్ వాళ్లనే అడగాలి. ఎటూ తేల్చకుండా 30 రోజులు దాటిపోతే `cms.rbi.org.in` లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు.

పోర్టల్‌కు ఫిర్యాదు చేయడానికి హోమ్ పేజీలోనే Complaint అనే లింకు ఉంటుంది. అందులో కథంతా రాయనక్కర్లేదు. చలానా నంబరు, వాహన నంబరు, కట్టిన తేదీ, సమయం, మొత్తం, యూటీఆర్ నంబరు, "డబ్బు కట్ అయింది, తిరిగి రాలేదు, స్టేటస్ మారలేదు" అన్న ఒక్క వాక్యం చాలు. జత చేసేటప్పుడు యాప్ స్క్రీన్‌షాట్ కన్నా బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ లైను ఉన్న పేజీ మేలు. స్క్రీన్‌షాట్ మీరు పంపారని చెబుతుందే తప్ప, తర్వాత తిరిగి రాలేదని చెప్పదు. స్టేట్‌మెంట్ ఆ రెండూ చూపిస్తుంది. కాబట్టి కట్టిన రోజు నుంచి ఫిర్యాదు చేసే రోజు వరకు ఉన్న స్టేట్‌మెంట్ తీసుకోండి. మిగతా ఖర్చుల లైన్లు కనిపించకుండా కొట్టేసి పంపినా ఫర్వాలేదు. ఫిర్యాదు పెట్టాక వచ్చే టికెట్ నంబరును దాచుకోండి.

ఇక్కడ ఇంకో చిక్కుంది. తెలంగాణ పోలీసులకు ఈ-చలానా పోర్టల్ వేరుగా ఉంది. హైదరాబాద్‌లో పడిన చలానా గురించి పరివాహన్ పోర్టల్లో వెతికి, కనబడలేదనో స్టేటస్ మారలేదనో కంగారుపడొద్దు. ఏ పోర్టల్లో కట్టారో అక్కడే చూడాలి. ఢిల్లీ లాంటి చోట్ల పడిన చలానా వర్చువల్ కోర్టుకు వెళ్లి ఉంటే, దాని స్టేటస్ `vcourts.gov.in` లో చూసుకోవాలి, డబ్బు కట్టేదీ అక్కడే. పేమెంట్ యాప్‌లో చలానా కట్టినవారు ముందు ఆ యాప్ ఇచ్చిన రసీదులో చెల్లింపు విజయవంతమైందా, ప్రాసెసింగ్‌లో ఉందా అని చూడండి. ప్రాసెసింగ్ అని ఉంటే పోర్టల్‌ను తప్పుపట్టాల్సిన పని లేదు.

సరిగ్గా ఈ సమయంలోనే "మీ చలానా పెండింగ్‌లో ఉంది" అంటూ లింకుతోనో, ఏపీకే ఫైలుతోనో మెసేజ్ వస్తే మనకు నిజమే అనిపిస్తుంది. దాన్ని ముట్టుకోకండి. అడ్రసు చివర `.gov.in` ఉన్న సైటును మీరే టైప్ చేసి తెరవండి. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

స్టేటస్ మారిన రోజున రసీదును పీడీఎఫ్‌గా దించుకుని, యూటీఆర్ నంబరున్న స్టేట్‌మెంట్‌తో కలిపి దాచండి. బండి అమ్మేటప్పుడో, పేరు మార్చేటప్పుడో రవాణా శాఖ రికార్డులో పాత బాకీ అడ్డుపడితే ఆ రెండు కాగితాలూ చూపించాలి.