పెద్దలకు ఫ్లూ వచ్చినప్పుడు: ఏ లక్షణం కనబడితే ఆసుపత్రికి వెంటనే వెళ్లాలి?

ఇంట్లో ఎవరికైనా ఫ్లూ వస్తే అందరి కళ్లూ థర్మామీటరు మీదే ఉంటాయి. 103 చూపిస్తే కంగారు, 99కి దిగితే నిశ్చింత. పద్దెనిమిదేళ్లు దాటినవారి విషయంలో ఆ అంకె ఒక్కటీ చూసుకుంటే సరిపోదు. ఊపిరి ఎలా ఆడుతోంది, మనిషి తెలివిగా మాట్లాడుతున్నారా, మూత్రం వస్తోందా, జ్వరం ఏ దారిలో నడుస్తోంది అన్నవి అంతకంటే ముందుగా ప్రమాదాన్ని చెబుతాయి.

మామూలు ఫ్లూ తీరు తెలిస్తే తేడాను పట్టుకోవడం తేలిక. జ్వరం హఠాత్తుగా వస్తుంది. ఒళ్లు నొప్పులు, తలనొప్పి, పొడిదగ్గు, గొంతునొప్పి తోడవుతాయి. మూడు నాలుగు రోజుల్లో జ్వరం దిగుతుంది. దగ్గు, నీరసం మాత్రం రెండు వారాల దాకా ఉండవచ్చు. రోజురోజుకీ కొంచెమైనా తేలిక పడుతుంటే ఇంట్లోనే విశ్రాంతి, నీళ్లు, పారాసిటమాల్‌తో గడిచిపోతుంది. కింద చెప్పేవి ఈ దారి తప్పిన సందర్భాలు.

సమస్య: ఆయాసం

ఎలా కనబడుతుంది: కూర్చుని ఉన్నా రొప్పుతుంటారు. ఒక వాక్యం మొదలుపెట్టి మధ్యలో ఊపిరి కోసం ఆగుతారు. బాత్రూమ్ దాకా నడిచి వచ్చి మంచం అంచున కూలబడతారు. వెల్లకిలా పడుకోలేక దిండ్లు పెట్టించుకుంటారు. పెదవులు, గోళ్లు నీలిరంగుకు తిరగడం చివరి దశలో కనబడే గుర్తు. దాని కోసం ఎదురుచూడకూడదు.

కారణం: ఫ్లూ వైరస్ ముక్కు, గొంతు దగ్గర ఆగకుండా ఊపిరితిత్తుల్లోకి దిగితే అక్కడి గాలి గదుల్లో వాపు వచ్చి నీరు చేరుతుంది. మనవాళ్లు నెమ్ము అనే నిమోనియా ఇదే. గాలి లోపలికి వెళుతున్నా అందులోని ఆక్సిజన్ రక్తంలోకి చేరదు. ఆ లోటు పూడ్చుకోవడానికి శరీరం ఊపిరి వేగం పెంచుతుంది.

ముక్కు దిబ్బడను కూడా చాలామంది ఆయాసమనే చెబుతారు. రోగిని నిటారుగా కూర్చోబెట్టి నోటితో ఊపిరి తీసుకోమనండి. హాయిగా ఉందంటే అది ముక్కు సంగతి. నోటితో పీల్చినా చాలడం లేదంటే అది ఛాతీ సంగతి.

ఆపైన ఊపిరి లెక్కపెట్టండి. లెక్కపెడుతున్నామని తెలిస్తే మనిషి తెలియకుండానే ఊపిరి తీరు మార్చేస్తారు. అందుకని నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, ఛాతీ లేచి దిగడాన్ని ఒకటిగా లెక్కిస్తూ నిమిషం నిండా చూడాలి. విశ్రాంతిగా ఉన్న పెద్దవారికి 12 నుంచి 20 మామూలు. జ్వరం ఎక్కువగా ఉన్నప్పుడు కొంత పెరుగుతుంది కాబట్టి జ్వరం దిగాక మరోసారి చూడండి. అప్పుడు కూడా 24 దాటుతుంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. 30కి చేరితే రెండోసారి లెక్క కోసం ఆగవద్దు, 108కి ఫోను చేయండి.

ఇంట్లో పల్స్ ఆక్సీమీటర్ ఉంటే ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి, గోళ్ల రంగు తీసేసి, చల్లబడిన వేలిని వెచ్చబరిచి పెట్టండి. అంకె నిలకడగా వచ్చేదాకా ఉంచండి. 94 కంటే తగ్గితే ఆ రోజే వైద్యుడికి చూపించాలి. 90, అంతకంటే తక్కువ అయితే అత్యవసరం. పాత ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి మామూలుగా ఉండే అంకే తక్కువ కావచ్చు, వారు దానితో పోల్చుకోవాలి. ఈ పరికరం చామనచాయ, నలుపు చర్మం మీద అసలు కంటే కాస్త ఎక్కువ చూపించవచ్చని కూడా గుర్తుంచుకోండి. అంకె 96 ఉండి మనిషి రొప్పుతుంటే మనిషినే నమ్మండి.

పరిష్కారం: అంబులెన్స్ వచ్చేలోగా నిటారుగా, కాస్త ముందుకు వంగేలా దిండు ఆసరాగా కూర్చోబెట్టండి. బలవంతంగా పడుకోబెట్టవద్దు. రొప్పుతున్న మనిషికి ఆవిరి పట్టించడంతో సమయం పోగొట్టవద్దు. ఆవిరి ముక్కును తేలిక చేస్తుందేమో గానీ నెమ్మును తగ్గించదు.

సమస్య: తగ్గిందనుకున్న జ్వరం తిరగబెట్టింది

చాలా ఇళ్లలో తప్పిపోయే సంకేతం ఇది. అందుకే ఒక ఉదాహరణతో చూద్దాం.

ఒకాయనకు 58 ఏళ్లు, షుగరు ఉంది. సోమవారం 102 జ్వరంతో ఫ్లూ మొదలైంది. గురువారానికి జ్వరం దిగింది. శుక్రవారం దుకాణానికి వెళ్లి వచ్చారు. శనివారం సాయంత్రం పళ్లు కొట్టుకునేంత చలి, మళ్లీ 102.5. పొడిదగ్గు కాస్తా కఫంతో కూడిన దగ్గు అయింది, ఆ కఫం తుప్పు రంగులో ఉంది. గట్టిగా ఊపిరి పీలిస్తే కుడి డొక్కలో పోటు. "నిన్న ఎండలో తిరిగాను కదా, అందుకే. మందుల షాపులో ఏదైనా అడిగి తీసుకురా" అన్నారు భార్యతో. ఆమె ఊపిరి లెక్కపెడితే 28, ఆక్సీమీటర్‌లో 91. "మీరు లేవండి, ఇది షాపులో చెప్పే జ్వరం కాదండీ" అని ఆమె ఆటో పిలిపించడమే సరైన పని.

కారణం ఇది: ఫ్లూ వైరస్ శ్వాసనాళాల లోపలి పొరను గాయపరుస్తుంది. దుమ్మును, క్రిములను పైకి నెట్టేసే సన్నని నూగు అక్కడ దెబ్బతింటుంది. వైరస్ వెనక్కి తగ్గే సమయానికి న్యుమోకాకస్, స్టెఫిలోకాకస్ వంటి బ్యాక్టీరియా ఆ దారిలో దిగి ఊపిరితిత్తిలో చోటు చేసుకుంటాయి. కోలుకుంటున్న రోజుల్లో వచ్చే రెండో జబ్బు ఇది, మొదటి జ్వరానికి మిగిలిన తోక కాదు.

ఆయనకు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే కుడి కింది భాగంలో తెల్లటి మచ్చ కనబడుతుంది. ఆక్సిజన్ పెడతారు, నరం ద్వారా యాంటీబయాటిక్ ఇస్తారు, షుగరును దగ్గరుండి చూస్తారు. షాపులో ఇచ్చే మూడు రోజుల మాత్రలతో వచ్చే చిక్కు ఇక్కడే ఉంది. ఆ మందు ఆ క్రిమికి సరైనదో కాదో తెలియదు, ఆక్సిజన్ తగ్గిన సంగతిని అది పట్టించుకోదు, ఈలోగా రెండు రోజులు గడిచిపోతాయి.

జ్వరం నిజంగా తగ్గిందని చెప్పాలంటే మాత్రలేవీ వేసుకోకుండా 24 గంటలు గడవాలి. ఆరు గంటలకోసారి పారాసిటమాల్ వేసుకుంటూ తగ్గిందంటే అది మాత్ర చూపించే అంకె. జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది కాబట్టి అట్ట మీద చదివి చూడండి. రోజు మొత్తానికి అన్నీ కలిపి 4 గ్రాములు దాటకూడదు. కాలేయం బలహీనంగా ఉన్నవారికి, మద్యం అలవాటు ఉన్నవారికి ఆ హద్దు ఇంకా తక్కువ.

జ్వరం లేకుండా దగ్గు మాత్రమే మిగిలి, అది కూడా రోజురోజుకీ తగ్గుతుంటే భయం లేదు.

మన ప్రాంతంలో మరో జాగ్రత్త అవసరం. వానాకాలంలో ఫ్లూతో పాటు డెంగీ కూడా తిరుగుతుంది. డెంగీలో జ్వరం దిగే సమయమే ప్రమాద సమయం. జ్వరం దిగాక కడుపులో విడవని నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనబడితే అది ఫ్లూ అని ఊరుకోవద్దు. ఏ జ్వరమో తేలేదాకా ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ జోలికి పోవద్దు. గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వాడేవారు మాత్రం వైద్యుడిని అడగకుండా మానవద్దు.

సమస్య: మగత, పొంతన లేని మాటలు

జ్వరంతో అలసి నిద్రపోవడం వేరు, లేపితే సరిగా లేవకపోవడం వేరు. లేపి మూడు ప్రశ్నలు అడగండి: ఇవాళ ఏ వారం, మనం ఎక్కడున్నాం, ఎదురుగా ఉన్నది ఎవరు. మామూలుగా టక్కున చెప్పే మనిషి తడబడితే, కొత్తగా పలవరిస్తుంటే, నిలబడితే తూలిపోతుంటే, ఫిట్స్ వస్తే వెంటనే 108. డెబ్బై దాటినవారిలో ఒక్కోసారి జ్వరం, దగ్గు అంతగా లేకుండా ఈ అయోమయమే మొదట కనబడుతుంది. "పెద్దతనం, అలాగే ఉంటారు" అని సరిపెట్టుకోవద్దు.

దీని వెనుక ఆక్సిజన్ తగ్గడం, రక్తపోటు పడిపోవడం, ఒంట్లో నీరు, లవణాలు తగ్గడం, షుగరు బాగా పెరగడం లేదా పడిపోవడం ఉండవచ్చు. అరుదుగా మెదడు వాపు. గ్లూకోమీటర్ ఉంటే షుగరు చూడండి. మగతలో ఉన్నవారి నోట్లో నీళ్లు, మాత్ర, చక్కెర ఏదీ వేయవద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

సమస్య: మూత్రం రావడం లేదు, ఒళ్లు నొప్పులు భరించలేనంతగా ఉన్నాయి

మెలకువగా ఉన్న సమయంలో ఎనిమిది గంటలైనా మూత్రం రాకపోతే, నిలబడితే కళ్లు తిరుగుతుంటే ఒంట్లో నీరు బాగా తగ్గినట్టు. తాగింది నిలుస్తుంటే ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా పట్టిస్తూ బయలుదేరండి. గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవారు ఎంత తాగాలో ఫోనులో వైద్యుడిని అడగాలి. నడవనివ్వనంత కండరాల నొప్పితో మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే అది కండరం కరిగి కిడ్నీల మీద పడుతున్న గుర్తు. అది ఆసుపత్రిలోనే చూడాల్సినది.

సమస్య: ఛాతీలో నొప్పి, బరువు

దగ్గి దగ్గి పట్టేసిన కండరం వేలితో నొక్కితే నొప్పి పుడుతుంది. ఊపిరి పీల్చినప్పుడల్లా పొడిచే నొప్పి నెమ్ముది కావచ్చు. ఛాతీ మధ్యలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లటి చెమటలు గుండెవి. ఫ్లూ వచ్చిన మొదటి వారంలో గుండెపోటు ముప్పు మామూలు కంటే చాలా ఎక్కువని తేలింది. షుగరు ఉన్నవారిలో నొప్పి లేకుండా ఆయాసం, చెమటలతోనే గుండెపోటు రావచ్చు. ఇలాంటప్పుడు సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్లవద్దు.

ఈ లక్షణాలు రాకముందే ఫోను చేయాల్సినవారు

గర్భిణులు, కాన్పు అయి రెండు వారాలు దాటనివారు, 65 దాటినవారు, ఉబ్బసం, షుగరు, గుండె, కిడ్నీ జబ్బులు ఉన్నవారు, కీమోథెరపీలో ఉన్నవారు మొదటి రోజే వైద్యుడితో మాట్లాడాలి. ఒసెల్టమివిర్ అనే మందు జ్వరం మొదలైన 48 గంటల్లోపు వేసుకుంటే బాగా పనిచేస్తుంది. పరిస్థితి తీవ్రంగా ఉంటే ఆ గడువు దాటాక కూడా ఇస్తారు. వైద్యుడి చీటీ మీదే కొనాలి.

త్వరగా తగ్గుతుందని స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకోవద్దు. జ్వరం, నొప్పులు ఒక పూట మాయమవుతాయి, లోపల నెమ్ము పెరుగుతూనే ఉంటుంది, షుగరు కూడా ఎగబాకుతుంది. జ్వరంలో తినడం లేదని ఇన్సులిన్ మొత్తం ఆపేయడం కూడా ప్రమాదమే. మోతాదు ఎంతో వైద్యుడే చెప్పాలి.

బయలుదేరేటప్పుడు

రోగికి, తోడు వెళ్లేవారికి మాస్కు పెట్టండి. వాడుతున్న మందులన్నీ అట్టలతో సహా ఒక సంచిలో వేసుకోండి. ఒక కాగితం మీద ఐదు సంగతులు రాయండి: జ్వరం మొదలైన రోజు, మధ్యలో తగ్గిన రోజు, చివరి పారాసిటమాల్ వేసుకున్న గంట, ఇంట్లో చూసిన ఊపిరి లెక్క, ఆక్సిజన్ అంకె. క్యాజువాలిటీలో "జ్వరం వచ్చింది" అని మొదలుపెట్టకండి. "ఫ్లూ వచ్చి ఆరో రోజు, తగ్గి మళ్లీ వచ్చింది, నిమిషానికి 28 సార్లు ఊపిరి తీస్తున్నారు" అని చెప్పండి. వరుసలో ఎవరిని ముందు చూడాలో అక్కడివారు నిర్ణయించేది ఆ మాటలను బట్టే.