ఫీచర్డ్ స్నిపెట్ దక్కాలంటే వ్యాసాన్ని ఎలా అమర్చాలి?

గూగుల్‌లో ప్రశ్న అడిగినప్పుడు ఫలితాలన్నిటికంటే పైన, ఏదో ఒక పేజీలోంచి తీసిన జవాబు ఒక పెట్టెలో కనిపిస్తుంది. దానినే ఫీచర్డ్ స్నిపెట్ అంటారు. హైదరాబాద్‌లో ఇల్లు కొనేవారు ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ గురించి తరచుగా వెతికే “ఈసీ అంటే ఏమిటి?” అనే ప్రశ్నను ఉదాహరణగా తీసుకుని, ఆ పెట్టెకు తగినట్లు వ్యాసాన్ని ఎలా అమర్చాలో వివరిస్తాను.

ముందుగా ఆ ప్రశ్నను గూగుల్‌లో వెతికి, మీ పేజీ మొదటి పది ఫలితాల్లో ఉందో లేదో చూడండి. స్నిపెట్ చాలావరకు ఆ పదింటిలోంచే వస్తుంది కనుక, పేజీ అక్కడికి చేరకముందు ఈ శ్రమ ఫలించదు. పేజీలోని వాక్యాలను ఫలితాల్లో చూపవద్దని గూగుల్‌కు చెప్పే `nosnippet` అనే సూచన పేజీ కోడ్‌లో ఉంటే తీసివేయండి. ఆ తర్వాత ప్రశ్నను, జనం అడిగే మాటల్లోనే, ఉపశీర్షికగా పెట్టండి. “ఈసీ: ఒక పరిచయం” వంటి శీర్షికలు వద్దు.

ఇక అందరూ చెడగొట్టేది నిర్వచనాన్ని. ఇంగ్లిష్ వ్యాసాలకు 40 నుంచి 50 పదాలు అనే లెక్క ప్రచారంలో ఉంది. దానిని తెలుగుకు అలాగే వర్తింపజేయకూడదు. విభక్తులు మాటలోనే కలిసిపోవడం వల్ల తెలుగులో అదే విషయం తక్కువ పదాల్లో ఇముడుతుంది. నిర్వచనం 30 పదాలు దాటకూడదన్నది నా నియమం.

పదాల లెక్క కంటే ముఖ్యమైన చిక్కు మన వాక్య నిర్మాణంలో ఉంది. ఈ వాక్యం చూడండి: “ఈసీ అనేది ఒక స్థిరాస్తికి సంబంధించి మనం కోరిన కాలవ్యవధిలో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టర్ అయిన అమ్మకాలు, తనఖాలు, దానాలు మొదలైన లావాదేవీల వివరాలను తెలిపే ధ్రువపత్రం.” తప్పేమీ లేదు, కానీ ఈసీ ఒక ధ్రువపత్రమన్న అసలు సంగతి చిట్టచివరి మాటలో ఉంది. గూగుల్ ఆ వాక్యాన్ని మధ్యలో తుంచితే చదివేవారికి జవాబే అందదు. అందుకే దానిని రెండుగా విడదీయాలి: “ఈసీ అంటే ఒక ఆస్తిపై రిజిస్టర్ అయిన లావాదేవీలను తెలిపే ధ్రువపత్రం. కోరిన కాలవ్యవధిలో జరిగిన అమ్మకాలు, తనఖాలు, దానాలు అందులో ఉంటాయి.” ఇప్పుడు మొదటి వాక్యం ఒక్కటే కనిపించినా జవాబు పూర్తిగా ఉంటుంది.

కుదించేటప్పుడు “రిజిస్టర్ అయిన” అన్న మాటను మాత్రం తీసివేయకండి. రిజిస్టర్ కాని ఒప్పందాలు ఈసీలో కనిపించవు. ఆ మాట లేకపోతే, ఈసీ శుభ్రంగా ఉంటే ఆస్తిపై ఏ చిక్కూ లేదని ఇల్లు కొనే వ్యక్తి పొరబడతాడు. నిర్వచనాన్ని “ఇది”, “పైన చెప్పినట్లు” వంటి మాటలతో మొదలుపెట్టడం కూడా తప్పే, ఎందుకంటే పెట్టెలో ఆ పైన చెప్పినదేదీ ఉండదు. ఉపశీర్షికకూ నిర్వచనానికీ మధ్య ఫొటో, ప్రకటన, స్వాగత వాక్యం ఏదీ పెట్టవద్దు.

వ్యాసంలో జాబితా కూడా ఉంటే, దానికి వేరే ప్రశ్నతో మరో ఉపశీర్షిక ఇవ్వండి. వరుస ముఖ్యమైన చోట అంకెల జాబితా వాడాలి; అంకెలను చేతితో టైపు చేయకుండా జాబితా ట్యాగులే వాడితే, అది జాబితా అని గూగుల్‌కు స్పష్టమవుతుంది.

```html
<h2>ఈసీ ఎలా తీసుకోవాలి?</h2>
<ol>
  <li>దస్తావేజు సంఖ్య, సంవత్సరం చూసుకోండి.</li>
  <li>మీసేవలో దరఖాస్తు నింపండి.</li>
  <li>కావలసిన కాలవ్యవధి రాయండి.</li>
  <li>రుసుము కట్టి రసీదు తీసుకోండి.</li>
</ol>
```

ఒక్కో అంశం ఒక్క పనికే పరిమితం కావాలి. వివరణలన్నీ జాబితా ముగిశాక పేరాల్లో రాయండి. జాబితా పొడవైతే గూగుల్ కొన్ని అంశాలే చూపి, మిగిలినవాటికి పాఠకులను పేజీకి పంపుతుంది. కనుక అంశాలు ఎక్కువైనా నష్టం లేదు, కానీ అత్యవసరమైనవి మొదట్లో ఉండాలి.

పేజీలోని సమాచారం ఏ రకమైనదో సెర్చ్ ఇంజిన్‌కు తెలిపే ప్రత్యేక స్కీమా కోడ్ పెడితే స్నిపెట్ వస్తుందని చెప్పేవారున్నారు. ఒక పేజీని స్నిపెట్‌గా గుర్తుపెట్టే మార్గమేదీ లేదని గూగులే చెబుతోంది. ఎంపిక పూర్తిగా దానిదే. ఆ కోడ్‌కు వెచ్చించే సమయాన్ని మొదటి వాక్యానికి వెచ్చించడమే సరైనది.

మార్పులు చేశాక గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో పేజీ చిరునామా ఇచ్చి, మళ్లీ ఇండెక్స్ చేయమని కోరండి. కొన్నాళ్ల తర్వాత బ్రౌజర్ ప్రైవేట్ విండోలో అదే ప్రశ్నను వెతకండి. 2020 జనవరి నుంచి, స్నిపెట్‌లో ఉన్న పేజీని గూగుల్ మొదటి పుటలోని మామూలు ఫలితాల్లో మళ్లీ చూపడం లేదు. కనుక కింది ఫలితాల్లో మీ లింకు కనిపించకపోతే కంగారుపడకుండా ముందు పెట్టెలో చూడండి. అక్కడ వేరొకరి జవాబు ఉంటే, వారి మొదటి వాక్యాన్ని మీ వాక్యం పక్కన పెట్టి, ఏది ముందుగా జవాబు చెబుతోందో పోల్చి, మీ వాక్యాన్ని సరిదిద్దండి.