అరబ్బీ నేర్చుకుందాం – 7వ పాఠం: ‘యొక్క’ లేని ‘యొక్క’

పోయిన పాఠంలో రెండు గుర్తులు చూశాం. ‘బైతున్’ అంటే ఒక ఇల్లు, ‘అల్ బైతు’ అంటే ఫలానా ఇల్లు. ముందు ‘అల్’ ఉంటే చివర ‘న్’ ఉండదు. ఈరోజు ఆ రెండూ పోయే చోటు చూద్దాం.

‘ఇంటి తలుపు’ అనడానికి మనకు ‘యొక్క’ అక్కర్లేదు. ‘ఇల్లు’ను ‘ఇంటి’గా మారిస్తే చాలు. అరబ్బీలోనూ మధ్యలో ఏ మాటా రాదు, కానీ వరస తిరగబడుతుంది. సొత్తు ముందు, సొంతదారు వెనక. దీన్ని ఇదాఫా అంటారు.

బాబున్ (తలుపు) + అల్ బైతు = బాబుల్ బైతి.

నిదానంగా విడదీయండి. ‘బాబున్’ తన ‘న్’ను వదిలేసింది, అయినా ‘అల్’ తగిలించుకోలేదు. ‘అల్ బైతు’ మాత్రం ‘అల్’ను ఉంచుకుని, చివరి ‘ఉ’ను ‘ఇ’గా మార్చుకుంది. మన ‘ఇంటి’లో ‘టి’ చేసే పనే ఈ ‘ఇ’ చేస్తుంది. ఫలానా తలుపు అన్న అర్థం రెండో మాటలోని ‘అల్’ నుంచే వస్తుంది. ‘బాబు బైతిన్’ అంటే ఎవరిదో ఒక ఇంటి తలుపు.

పలికేటప్పుడు ‘అల్’లోని ‘అ’ మాయమై, ‘బాబు’లోని ‘ఉ’ ‘ల్’తో కలిసిపోతుంది. అబ్దుల్ కరీం అన్న పేరులో ‘ఉల్’ ఇదే. అబ్దు (దాసుడు), అల్ కరీం (ఉదారుడు). అందుకే ఎవరినైనా ‘అబ్దుల్’ అని ఆపేస్తే పేరు సగంలో తెగినట్టే. హైదరాబాద్ పాతబస్తీలో దారుల్‌షిఫా కూడా అంతే. దార్ ఇల్లు, షిఫా స్వస్థత. కుతుబ్‌షాహీల కాలం నాటి వైద్యశాల పేరు అది.

కొత్తవాళ్లు తప్పకుండా చేసే పొరపాటు, రెండు మాటలకూ ‘అల్’ పెట్టడం. అలా పెడితే అర్థమే మారిపోతుంది. ‘బైతుల్ కబీరి’ అంటే పెద్దాయన ఇల్లు. ‘అల్ బైతుల్ కబీరు’ అంటే పెద్ద ఇల్లు! అనుమానం వస్తే మొదటి మాట తల చూడండి. అక్కడ ‘అల్’ ఉంటే అది ఇదాఫా కాదు.

గొలుసు కట్టినా సూత్రం ఇదే: మిఫ్తాహు బాబిల్ బైతి. వెనక నుంచి చదివితే అచ్చం మన వరసే, ఇంటి తలుపు తాళంచెవి. నడిమి ‘బాబి’కి రెండు పాత్రలు. తాళంచెవికి సొంతదారు కాబట్టి ‘ఇ’ వచ్చింది, ఇంటికి సొత్తు కాబట్టి ‘అల్’ పోయింది.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఈ ‘ఉ’, ‘ఇ’లు చెవిన పడవు. మాటల్లో ‘బాబ్ అల్ బైత్’ అనేస్తారు. ‘అల్’ నియమం మాత్రం అక్కడా మారదు.

ఇంకొకటి: ‘బాబాని’ అంటే రెండు తలుపులు. ఇదాఫాలో ఆ ‘ని’ కూడా రాలిపోయి, రాతలో ‘బాబా అల్ బైతి’ అవుతుంది. ‘ముహందిసూన’ అంటే ఇంజనీర్లు, ‘అల్ మత్‌హఫు’ అంటే మ్యూజియం. ‘మ్యూజియం ఇంజనీర్లు’ అని మీరు రాయండి, ఏది రాలాలో చూసుకుని.