విమానం దిగాక అమ్మకు ఒక కాలే వాచింది: అమెరికాలో ఎక్కడికి తీసుకెళ్లాలి?

హైదరాబాద్ నుంచి వచ్చిన మూడు నాలుగు రోజులకు అమ్మ "ఎడమ పిక్క బిగుసుకుపోయినట్టుందిరా, వాచింది కూడా" అంటుంది. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాలి సిరలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ప్రయాణమైన కొన్ని వారాల దాకా ఈ అనుమానం పెట్టుకోవాల్సిందే. ఎక్కడికి వెళ్లాలో ఈ వరుసలో తేల్చుకోండి.

1. కాలు చూసేముందు ఊపిరి సంగతి అడగండి. ఉన్నట్టుండి ఆయాసం, గట్టిగా ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, దగ్గితే నెత్తురు, స్పృహ తప్పడం: వీటిలో ఒక్కటున్నా 911కి ఫోన్ చేయండి. గడ్డ ఊపిరితిత్తుల్లోకి చేరి ఉండొచ్చు. మీ కారులో మాత్రం బయల్దేరకండి.

2. ఊపిరి బాగుంటే రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకేలా వాచి, రాత్రి ఎత్తు మీద పెట్టుకుంటే తగ్గుతున్నాయా? అది చాలావరకు కూర్చోవడం వల్లో, అమ్లోడిపిన్ లాంటి బీపీ మాత్ర వల్లో అయ్యుంటుంది. దానికి ఫ్యామిలీ డాక్టర్ చాలు. కొత్త పేషెంటుకు అపాయింట్‌మెంట్ ఆలస్యమైతే అర్జెంట్ కేర్‌లో చూపించవచ్చు.

3. ఒక్క కాలే అయితే టేపు తీయండి. మోకాలి చిప్ప కింద చేతికి తగిలే ఎముక బొడిపె నుంచి 10 సెంటీమీటర్లు కిందికి వచ్చి, రెండు పిక్కల చుట్టుకొలతా చూడండి. తేడా 3 సెంటీమీటర్లు దాటితే అనుమానం బలపడుతుంది. అంత తేడా లేకపోయినా నొప్పి, వేడి, ఎరుపు ఉంటే వదిలేయకండి. నూనె రాసి పిక్క పిసకడం మన ఇళ్లలో అలవాటే, ఈ కాలికి మాత్రం అసలు వద్దు.

ఈ కాలికి అదే రోజు సిరల అల్ట్రాసౌండ్ కావాలి. చాలా అర్జెంట్ కేర్‌లలో ఎక్స్‌రే, మూత్ర పరీక్ష, కుట్లు వేయడం ఉంటాయి గానీ ఈ స్కాన్ ఉండదు. కాబట్టి ముందే ఫోన్ చేసి "కాలి సిరల అల్ట్రాసౌండ్ ఇవాళే చేస్తారా?" అని అడగండి. లేదంటే నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లండి. అర్జెంట్ కేర్‌కు వెళ్తే వాళ్లూ అక్కడికే పంపుతారు, రెండు బిల్లులు వస్తాయి. రక్తనాళాల స్పెషలిస్టు దగ్గరికి ముందే పరిగెత్తడం దండగ. అపాయింట్‌మెంట్ దొరికేలోపు గడ్డ కదలొచ్చు.

4. డబ్బు భయంతో ఆగిపోకండి. మెడికేర్ తీసుకునే ఆసుపత్రుల ఎమర్జెన్సీలు, ఇన్సూరెన్స్ ఉన్నా లేకున్నా, పరీక్షించి ప్రమాదం తప్పించాలని 1986 నాటి చట్టం చెబుతోంది. బిల్లు మాత్రం వస్తుంది. టెక్సాస్ లాంటి చోట్ల షాపింగ్ సెంటర్లలో కనిపించే విడి ఎమర్జెన్సీ రూములు చూడ్డానికి అర్జెంట్ కేర్‌లాగే ఉంటాయి, బిల్లు మాత్రం ఎమర్జెన్సీ లెక్కే. బోర్డు సరిగ్గా చదవండి.

5. వెళ్లగానే నర్సుకు విమానం దిగిన తేదీ, ఎన్ని గంటల ప్రయాణమో ముందు చెప్పండి. ఈమధ్య ఆపరేషన్ అయిందా, క్యాన్సర్ ఉందా, ఇంతకుముందెప్పుడైనా గడ్డకట్టిందా అన్నవీ చెప్పాలి. అమ్మ వాడే మాత్రల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకెళ్లండి. గడ్డ తేలితే రక్తం పల్చబరిచే మందు మొదలుపెడతారు. ఇతర మందులతో దానికి పొసగుతుందో లేదో ఆ స్ట్రిప్పులు చూసే తేల్చుకుంటారు.