బ్యాలెన్స్ టాలీ అయిందని ఫైల్ మూసేయకండి: బ్యాంక్ కన్ఫర్మేషన్ చదివేటప్పుడు జాగ్రత్తలు

ఏప్రిల్ వచ్చిందంటే ఆడిట్ ఆఫీసుల్లో బ్యాంక్ కన్ఫర్మేషన్లు, అంటే కంపెనీ ఖాతాల వివరాలు రాసి ఇవ్వమని బ్యాంకును అడిగే లెటర్లు, పంపే పని మొదలవుతుంది. చాలాచోట్ల ఆ పని కొత్తగా చేరిన సీఏ ఆర్టికల్ ట్రైనీ చేతికే వస్తుంది. జవాబు రాగానే మార్చి 31 బ్యాలెన్స్‌ను లెడ్జర్‌తో సరిచూస్తారు, తేడా ఉంటే బ్యాంక్ రికన్సిలియేషన్ స్టేట్‌మెంట్‌లో క్లియర్ కాని చెక్కులు చూస్తారు, టిక్ పెట్టి ఫైల్ చేసేస్తారు. ఆ టిక్ తర్వాత చేయాల్సిన పని గురించే ఈ జాగ్రత్తలు. బ్యాంకు నుంచి నేరుగా వచ్చిన లెటర్‌లో బ్యాలెన్స్ దగ్గర మోసం దొరకడం అరుదు. కంపెనీ చెప్పకుండా వదిలేసిన సంగతులు ఉంటే అవి ఆ కింది వరుసల్లో, లీన్, గ్యారంటీలు, లిమిట్ల దగ్గర ఉంటాయి. లీన్ అంటే అప్పుకో గ్యారంటీకో హామీగా డిపాజిట్‌ను బ్యాంకు పట్టి ఉంచడం.

"నేరుగా వచ్చిన" అన్న మాటే ముందు చూసుకోవాలి. సత్యం కంప్యూటర్స్ సంగతి హైదరాబాద్‌లో ఆడిట్ చేసేవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖలో, పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఒప్పుకున్నారు. 2011 ఏప్రిల్‌లో అమెరికా నియంత్రణ సంస్థలు ఇచ్చిన ఆదేశాల్లో ఆడిటర్లపై పెట్టిన ప్రధాన ఆక్షేపణల్లో ఒకటి, కన్ఫర్మేషన్లు పంపడం, జవాబు అందుకోవడం మీద పట్టును కంపెనీకే వదిలేశారన్నది. కాబట్టి లెటర్ మీద కంపెనీ సంతకం, స్టాంపు తీసుకోండి, ఎందుకంటే అనుమతి లేకుండా బ్యాంకు వివరాలు ఇవ్వదు. కానీ కవర్ మీ ఆఫీసు నుంచే వెళ్లాలి, జవాబు మీ ఆఫీసుకే రావాలి. బ్రాంచి చిరునామా, ఈమెయిల్ కంపెనీ అకౌంటెంట్ ఇచ్చినవి కాకుండా బ్యాంకు వెబ్‌సైట్‌లో చూసి రాసుకోండి. జవాబు మెయిల్‌లో వస్తే పంపినవారి ఐడీలో @ తర్వాతి భాగాన్ని అక్షరం అక్షరం చదవండి, ఆ తర్వాత మీరు వెతికి తీసుకున్న నంబరుకు ఫోన్ చేసి సంతకం పెట్టిన ఆఫీసర్‌తో మాట్లాడండి. "మా అకౌంటెంట్ బ్యాంకుకే వెళ్తున్నాడు, తెచ్చేస్తాడు సార్" అన్నది సాయం చేద్దామనే అంటారు, అయినా ఒప్పుకోవద్దు. అలా చేతికొచ్చిన కాగితం ఆడిటింగ్ ప్రమాణం ఎస్‌ఏ 505 ప్రకారం బయటి కన్ఫర్మేషన్ కిందకు రాదు.

ఇక బ్యాంకు వైపు ఆ లెటర్ ఎలా నిండుతుందో తెలిస్తే చదివే తీరు మారుతుంది. బ్రాంచిలో ఆఫీసర్ కస్టమర్ ఐడీ కొట్టి, స్క్రీన్ మీద కనిపించిన ఖాతాలు రాస్తారు. చాలా బ్యాంకుల్లో బీజీలు అంటే బ్యాంక్ గ్యారంటీలు, ఎల్‌సీలు అంటే లెటర్ ఆఫ్ క్రెడిట్‌లు ట్రేడ్ ఫైనాన్స్ విభాగం చూస్తుంది, ఫార్వర్డ్ కాంట్రాక్టులు ట్రెజరీ చూస్తుంది. ఇంకో బ్రాంచిలో వేరే కస్టమర్ ఐడీ మీద ఖాతా ఉంటే ఈ స్క్రీన్ మీద రాకపోవచ్చు. ఆఫీసర్ దాచాలని దాచరు, ఆయనకు కనిపించింది అంతే. అందుకే లెటర్‌లో కంపెనీ పాన్ రాసి, ఆ పాన్ మీద అన్ని బ్రాంచిల్లో ఉన్న ఖాతాలు, సంవత్సరంలో మూసేసినవి, సున్నా బ్యాలెన్స్ ఉన్నవి కూడా చెప్పమని అడగాలి. ఇతరుల అప్పుకు ఈ కంపెనీ ఇచ్చిన హామీలు, తాకట్లు ఉన్నాయా అని విడిగా ఒక ప్రశ్న పెట్టాలి. కంపెనీ ఇచ్చిన కార్పొరేట్ గ్యారంటీ బ్యాంకు రికార్డుల్లో అప్పు తీసుకున్న సంస్థ ఫైల్లో ఉంటుంది కాబట్టి, అడగకపోతే సాధారణంగా అది బయటికి రాదు.

జవాబులో "నిల్" అని రాసిన వరుసకూ ఖాళీగా వదిలేసిన వరుసకూ చాలా తేడా ఉంది. నిల్ అంటే బ్యాంకు లేదని చెప్పింది. ఖాళీ అంటే ఆ ప్రశ్నకు జవాబే రాలేదు. ఖాళీని నిల్‌గా చదవడం ఈ పనిలో నేను ఎక్కువగా చూసే పొరపాటు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. లెక్క తేలికగా ఉండాలని అంకెలు గుండ్రంగా వేస్తున్నాను. ప్రభుత్వ శాఖలకు పంపుసెట్లు సరఫరా చేసే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉంది. 2025 మార్చి 31 నాటికి పుస్తకాల్లో 1.50 కోట్ల ఎఫ్‌డీలు ఉన్నాయి, బ్యాంకు లెటర్‌లోనూ రూపాయి తేడా లేకుండా అంతే ఉంది. ఎఫ్‌డీల పక్కన రిమార్క్స్‌లో లీన్ 90 లక్షలు ఒకచోట, లీన్ 60 లక్షలు ఇంకోచోట రాసి ఉంది. గ్యారంటీల వరుస ఖాళీ. కంపెనీ బీజీ రిజిస్టర్‌లో మాత్రం రెండు బీజీలు, మొత్తం 2.40 కోట్లు ఉన్నాయి.

మొదటి లీన్ సంగతి చూద్దాం. శాంక్షన్ లెటర్ తెరిస్తే బీజీలకు 25 శాతం మార్జిన్ ఎఫ్‌డీ రూపంలో ఉంచాలని ఉంది. 2.40 కోట్లకు 25 శాతం అంటే 60 లక్షలు చాలు. బ్యాంకు పట్టి ఉంచింది 90 లక్షలు. అదే శాతంతో వెనక్కి లెక్కేస్తే 90 లక్షల మార్జిన్‌కు బీజీలు 3.60 కోట్లు ఉండాలి. అంటే 1.20 కోట్ల బీజీ ఒకటి రిజిస్టర్‌లో కనిపించడం లేదు. బ్యాంకు గ్యారంటీల గురించి ఒక్క ముక్క రాయకపోయినా లీన్ ఆ సంగతి చెప్పేసింది.

ఇది అడిగితే సీఎఫ్‌ఓ దగ్గర్నుంచి వచ్చే మొదటి జవాబు, "పాత బీజీ సార్, గడువు అయిపోయింది, బ్యాంకు ఇంకా మార్జిన్ వదల్లేదు" అని. అది నిజమయ్యే అవకాశం బాగా ఉంది. బీజీ గడువు తీరినా క్లెయిమ్ పీరియడ్ నడుస్తుంటే, లేదా ఒరిజినల్ తిరిగి రాకపోతే బ్యాంకు మార్జిన్ పట్టుకునే ఉంటుంది. అందుకని ఆ మాటను కొట్టిపారేయకూడదు, అలాగని నోట్ చేసుకుని వదిలేయనూ కూడదు. తేల్చే చోటు బ్యాంక్ ఛార్జీల లెడ్జర్. ఈ కంపెనీకి కమీషన్ ఏడాదికి 2 శాతం, మూడు నెలలకోసారి వసూలు చేస్తారు. 2.40 కోట్లకు క్వార్టర్‌కు 1.20 లక్షలు పడాలి. లెడ్జర్‌లో ఏప్రిల్, జూలైలో 1.20 లక్షలే పడ్డాయి. అక్టోబర్ నుంచి 1.80 లక్షలు పడుతున్నాయి. జీఎస్టీ విడిగా ఉంది. పెరిగిన 60 వేలు సరిగ్గా 1.20 కోట్ల బీజీకి క్వార్టర్ కమీషన్. పాత బీజీ అయితే కమీషన్ తగ్గాలి లేదా అలాగే ఉండాలి, ఏడాది మధ్యలో పెరగదు. అక్టోబర్‌లో కొత్త బీజీ ఇచ్చారు.

ఇక ఆ బీజీ కాపీ అడగాలి. అందులో లబ్ధిదారు ఎవరు, ఎవరి కాంట్రాక్టు కోసం ఇచ్చారు అన్న రెండూ చదవాలి. ఈ ఉదాహరణలో అది డైరెక్టర్ల సోదర సంస్థకు వచ్చిన పని కోసం ఇచ్చింది. రెండో లీన్ 60 లక్షలు కూడా అదే సంస్థ క్యాష్ క్రెడిట్ ఖాతాకు హామీగా పెట్టింది. ఇప్పుడు ఇది అకౌంటెంట్ మరిచిపోయిన ఒక ఎంట్రీ కాదు. కంపెనీల చట్టం 185, 186 సెక్షన్లు ఎలా వర్తిస్తాయో చూడాలి, బోర్డు తీర్మానం అడగాలి, అప్పులు, హామీలు రాసే ఎంబీపీ-2 రిజిస్టర్‌లో నమోదు ఉందా చూడాలి, సంబంధిత పక్షాల నోట్‌లోకి, కంటింజెంట్ లయబిలిటీల్లోకి రావాలి. ఆడిట్ రిపోర్టులో ఏమేం రాయాలో చెప్పే కారో ఆదేశం వర్తించే కంపెనీ అయితే హామీలు, సెక్యూరిటీల మీద మూడో క్లాజు కింద రాయాల్సి ఉంటుంది. బ్యాలెన్స్ షీట్ చదివేవాడికి అన్నిటికంటే ముందు తెలియాల్సింది ఇంకోటి ఉంది. ఆ 1.50 కోట్లలో కంపెనీ తన అవసరానికి తీయగలిగింది ఒక్క రూపాయి లేదు. అది క్యాష్ అండ్ క్యాష్ ఈక్వివలెంట్స్‌లో కూర్చోకూడదు. షెడ్యూల్ 3 ప్రకారం మార్జిన్ మనీగా, హామీగా ఉన్న నిల్వలను విడిగా చూపాలి.

శాతం మీద వెనక్కి లెక్కేసే ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. కొన్ని బీజీలు 10 శాతం మార్జిన్‌తో, కొన్ని 100 శాతంతో ఇస్తారు, ఎల్‌సీలకు ఇంకో శాతం ఉంటుంది. అప్పుడు ఒకే భాగాహారం పనికిరాదు, ఒక్కో బీజీకి ఎంత లీనో బ్యాంకు నుంచే పట్టిక తెప్పించుకోవాలి.

ఇప్పటిదాకా చెప్పింది కంపెనీ జాబితాలో ఉన్న బ్యాంకు గురించి. జాబితాలోనే లేని బ్యాంకు దగ్గర లిమిట్ తీసుకుని ఉంటే ఏ లెటరూ సాయపడదు, ఎందుకంటే మీరు ఆ బ్యాంకుకు రాయనే రాయలేదు. అందుకే లెటర్లు పంపే ముందే బ్యాంకుల జాబితాను బయట ఆధారాలతో సరిచూడాలి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ ఎంసీఏ పోర్టల్‌లో కంపెనీ ఛార్జీల జాబితా తీస్తే ఆస్తుల మీద ఎవరెవరికి తాకట్టు నమోదైందో కనిపిస్తుంది. అందులో తీరిపోని ఛార్జ్ ఉన్న ప్రతి బ్యాంకుకూ, ఎన్‌బీఎఫ్‌సీకీ లెటర్ వెళ్లాలి. కంపెనీ పాన్ మీద కోసిన టీడీఎస్ చూపే 26ఏఎస్‌లో మీకు తెలియని బ్యాంకు వడ్డీ మీద టీడీఎస్ కోసి ఉంటే అక్కడ ఎఫ్‌డీ ఉన్నట్టే.

చాలామంది చూడని చోటు జీఎస్‌టీఆర్-2బీ, అంటే ఇతరులు కంపెనీకి వేసిన జీఎస్టీ బిల్లుల జాబితా. ప్రాసెసింగ్ ఫీజు, బీజీ కమీషన్, లిమిట్ రెన్యువల్ ఫీజు, వీటన్నిటి మీదా బ్యాంకు జీఎస్టీ వేస్తుంది, ఆ బిల్లులు 2బీలో బ్యాంకు పేరుతో వస్తాయి. కంపెనీ ఖాతాయే లేదన్న బ్యాంకు నుంచి 2బీలో బిల్లు కనిపిస్తే ఆ ఫీజు దేనికో అడగాలి. తాకట్టు లేని బిల్ డిస్కౌంటింగ్, ఛానెల్ ఫైనాన్స్ లాంటివి ఎంసీఏ ఛార్జీల్లో కనిపించవు, కానీ వాటి ఫీజు తరచుగా ఇక్కడ బయటపడుతుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని చిన్న కంపెనీకి ఈ దారి ఉండదు, అక్కడ స్టేట్‌మెంట్లలో వచ్చే పెద్ద మొత్తాలు ఎక్కడినుంచి వచ్చాయో చూడటమే మార్గం.

లెటర్ చివర చిన్న అక్షరాలు కూడా చదవండి. "ఈ సమాచారం సంపూర్ణమని హామీ ఇవ్వడం లేదు" లాంటి సాధారణ వాక్యం ఉన్నంత మాత్రాన లెటర్ పనికిరాకుండా పోదు. "ఈ బ్రాంచి ఖాతాల వరకే" అని ఉంటే మాత్రం మీరు అడిగిన ప్రశ్నకు సగమే జవాబు వచ్చినట్టు.

ఖాళీ వరుసలున్న లెటర్ వస్తే, ఆ వరుసలకు గుర్తు పెట్టి, ఒక్కో దాని ఎదురుగా అంకె గానీ నిల్ గానీ రాయమని బ్యాంకుకు మళ్లీ పంపండి. బీజీల విషయం ట్రేడ్ ఫైనాన్స్ విభాగానికే మెయిల్ చేయండి. జవాబు రాకపోతే శాంక్షన్ లెటర్, బీజీ కాపీలు, కమీషన్ లెక్క, ఏప్రిల్ తర్వాతి స్టేట్‌మెంట్లు ప్రత్యామ్నాయ ఆధారాలవుతాయి. బ్యాంకుకు రాయడానికే కంపెనీ ఒప్పుకోకపోతే కారణం రాతపూర్వకంగా తీసుకోండి. ఆ కారణం నిలబడేది కాకపోతే, ఇతర ఆధారాలూ దొరక్కపోతే, విషయం ముందు బోర్డు దగ్గరికి, ఆ తర్వాత ఆడిటర్ అభిప్రాయాన్ని సవరించడం గురించిన ఎస్‌ఏ 705 కింద మీ రిపోర్టులోకి వెళ్లాలి. ఇవన్నీ సాగడానికి వారాలు పడుతుంది కాబట్టి మొదటి లెటర్లు ఏప్రిల్ మొదటి వారంలోనే బయల్దేరాలి. సంతకాల ముందు వారంలో పంపితే ఖాళీ వరుసలను తిప్పి పంపే టైమ్ మీకు మిగలదు.