ఫ్రిజ్ మోటారు దగ్గర బొద్దింకలు, చీమలు చేరకుండా శుభ్రం చేయడం ఎలా?

వంటింట్లో బొద్దింకలు ఎక్కువగా కాపురం పెట్టే చోటు ఫ్రిజ్ వెనక, అడుగున ఉండే మోటారు అర. అక్కడ వెచ్చగా ఉంటుంది, చీకటిగా ఉంటుంది, ఎవరూ కదిలించరు. వీటికి తోడు నీళ్లు కూడా దొరుకుతాయి. ఫ్రిజ్ లోపల కరిగిన మంచు నీరు ఒక సన్నని గొట్టం గుండా దిగి, మోటారు మీదో పక్కనో ఉన్న ప్లాస్టిక్ ట్రేలో పడుతుంది. మోటారు వేడికి ఆ నీరు ఆవిరైపోవాలి. ట్రే మురికి పట్టినా, తలుపు రబ్బరు సరిగా మూసుకోక లోపల తేమ ఎక్కువ చేరినా ట్రేలో నీళ్లు ఎప్పుడూ నిలిచే ఉంటాయి. బొద్దింక తిండి లేకుండా వారాల తరబడి బతకగలదు గానీ నీళ్లు లేకుండా అన్నాళ్లు ఉండలేదు. అందుకే ఎన్ని మందులు కొట్టినా ట్రేను వదిలేస్తే అవి మళ్లీ వస్తాయి.

ఇక్కడ చేరేవి ఎక్కువగా జర్మన్ బొద్దింకలు. ఒకటిన్నర సెంటీమీటరుకు మించవు, లేత గోధుమ రంగు, తల వెనక రెండు నల్లటి చారలు ఉంటాయి. మోరీల నుంచి వచ్చే పెద్ద ఎర్ర బొద్దింకలు వేరు. అవి ఫ్రిజ్‌లో కాపురం పెట్టడం తక్కువ, వాటికి మోరీ జాలీ సరిచేస్తే చాలావరకు సరిపోతుంది.

ముందు ఎక్కడున్నాయో కనిపెట్టండి

శుభ్రం మొదలుపెట్టే ముందు మూడు రాత్రులు జిగురు అట్టలు పెట్టి చూడండి. ఒకటి ఫ్రిజ్ వెనక మోటారు దగ్గర నేల మీద, ఒకటి ఫ్రిజ్ ముందు కాళ్ల దగ్గర, ఒకటి సింకు కింద. అట్ట గోడకు ఆనుకుని ఉండాలి. బొద్దింకలు గోడ వారగా నడుస్తాయి, ఖాళీ నేల మధ్యలో పెట్టిన అట్ట మీదికి రావు. ప్రతి అట్ట మీద తేదీ రాసుకోండి.

ఉదాహరణకు మోటారు దగ్గర అట్టకు పద్నాలుగు అంటుకున్నాయి, వాటిలో తొమ్మిది రెక్కలు రాని పిల్లలు. సింకు కింద అయిదు, అన్నీ పెద్దవే. ముందు కాళ్ల దగ్గర ఒకటి. దీన్నిబట్టి కాపురం మోటారు దగ్గరే ఉందని, సింకు దగ్గరికి తిండికో నీళ్లకో తిరుగుతున్నాయని అర్థం చేసుకోవాలి. పిల్లలు పుట్టిన చోటు నుంచి దూరం పోవు. కాబట్టి లెక్క కంటే పిల్లలు ఏ అట్ట మీద ఎక్కువున్నాయన్నదే ముఖ్యం. అట్టలు పెట్టడానికి ఓపిక లేకపోతే టార్చి వేసి తలుపు కీలు దగ్గర, రబ్బరు మడతల్లో, వెనక మూత అంచుల్లో చూడండి. మిరియాల పొడిలాంటి నల్లటి చుక్కలు కనిపిస్తే అది వాటి మలం. ఆ వాసనే మిగతావాటిని అక్కడికి రప్పిస్తుంది, కాబట్టి చుక్కల్ని తుడిచేయడం కూడా పనిలో భాగమే.

మోటారు అర శుభ్రం చేసే పద్ధతి

1. ప్లగ్ తీసేయండి. స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్ సాకెట్ నుంచి బయటకు రావాలి. తలుపు తెరవకుండా ఉంచితే లోపలి చల్లదనం దాదాపు నాలుగు గంటలు నిలుస్తుంది, కాబట్టి సామాను బయటపెట్టనక్కర్లేదు. మోటారు చల్లారడానికి అరగంట ఆగండి, అప్పటివరకు అది చెయ్యి కాలేంత వేడిగా ఉండొచ్చు.

2. ఫ్రిజ్‌ను నిటారుగా, తిన్నగా ముందుకు లాగండి. పడుకోబెట్టొద్దు. వంచితే మోటారులోని నూనె గొట్టాల్లోకి పోతుంది. లాగేటప్పుడు నేల గీతలు పడకుండా కాళ్ల కింద పాత అట్టముక్క వేసుకోండి, పని అయ్యాక అది తీసేయాలి. చాలామంది ఫ్రిజ్ కింద ప్యాకింగ్ అట్టనో థర్మాకోల్‌నో అలాగే వదిలేస్తారు. బొద్దింకలకు దానికంటే మంచి పరుపు దొరకదు.

3. వెనక కింది మూత స్క్రూలు విప్పండి. కొన్ని ఫ్రిజ్‌లలో మూత ఉండదు, మోటారు నేరుగా కనిపిస్తుంది. స్క్రూలు ఒక గిన్నెలో వేసుకోండి. ముక్కుకు మాస్కు కట్టుకోండి, బొద్దింకల మలం, పొట్టు కలిసిన దుమ్ము ఉబ్బసం ఉన్నవారికి పడదు.

4. దుమ్మును వాక్యూమ్ క్లీనర్ బ్రష్‌తో లాగేయండి. అది లేకపోతే మెత్తని పెయింటు బ్రష్‌తో నెమ్మదిగా దులిపి తడి గుడ్డతో నేల మీద నుంచి ఎత్తండి. గాలి ఊదే పంపు వాడితే బొద్దింకలు, గుడ్ల తిత్తులు వంటింటి నిండా ఎగురుతాయి. సన్నని రాగి గొట్టాల్ని వంచొద్దు, వాటికి చిన్న చీలిక వచ్చినా గ్యాస్ పోతుంది.

5. నీటి ట్రేను చూడండి. కొన్నింటిలో పైకి లాగితే వస్తుంది, కొన్నింటిలో స్క్రూలతో బిగించి ఉంటుంది. వచ్చేదైతే గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బుతో బంకంతా పోయేదాకా తోమి, పూర్తిగా ఆరనివ్వండి. రానిదైతే నీళ్లు స్పాంజితో పీల్చేసి సబ్బు గుడ్డతో తుడవండి. బలవంతంగా పీకితే మోటారు మీది గొట్టం విరగొచ్చు.

6. మోటారు పక్కన ఉండే చిన్న నల్ల డబ్బా, దాని వైర్లు, సర్క్యూట్ బోర్డు జోలికి నీటితో పోవద్దు. పొడి బ్రష్ ఒక్కటే అక్కడ. ఆ డబ్బాలో దూరి చచ్చిన బొద్దింకలో చీమలో కరెంటు కలిసే చోట అడ్డుపడి, మోటారు స్టార్ట్ కాక టక్ టక్ అంటూ ఆగిపోవడం మెకానిక్‌లకు బాగా తెలిసిన రిపేరే. అలాంటి చప్పుడో కాలిన వాసనో వస్తే డబ్బా మీరు విప్పకండి, మెకానిక్‌ను పిలవండి.

7. అన్నీ పొడిగా ఉన్నాయని చూసుకుని మూత బిగించండి. ఫ్రిజ్‌ను గోడకు ఆనించకుండా, మీ మోడల్ పుస్తకంలో చెప్పినంత ఖాళీ వదిలి పెట్టండి. ఖాళీ లేకపోతే మోటారు ఎక్కువసేపు తిరుగుతుంది, చీపురు కూడా వెనక్కి పోదు.

మూతకున్న గాలి రంధ్రాలను టేపుతోనో గుడ్డతోనో మూసేయాలనిపిస్తుంది. మూయకండి, మోటారు వేడెక్కి పాడవుతుంది. మూయాల్సినవి గోడలో ఉన్న కంతలు: సింకు గొట్టం గోడలోకి పోయే చోటు, టైల్స్ పగుళ్లు. వీటికి తెల్ల సిమెంటు గానీ సిలికాన్ గానీ పెట్టండి. పిల్ల బొద్దింకలు రెండు మిల్లీమీటర్ల సందులోనూ దూరతాయి.

తలుపు రబ్బరు, లోపలి నీటి కన్నం

రబ్బరు మడతల్లో పాలు, పులుసు, పంచదార పాకం ఇంకి ఉంటాయి. పాత పళ్ల బ్రష్‌ను సబ్బు నీటిలో ముంచి మడత మడతకూ తోమి, పొడి గుడ్డతో తుడవండి. వారానికోసారి రెండు నిమిషాల పని ఇది. కిరోసిన్, థిన్నర్ వాడితే రబ్బరు గట్టిపడి పగులుతుంది, ఆ సందుల్లోంచి తేమ లోపలికి పోయి ట్రేలో నీళ్లు ఇంకా పెరుగుతాయి. రబ్బరు బిగువు చూడాలంటే ఒక కాగితం మధ్యలో పెట్టి తలుపు మూసి లాగండి. పట్టు లేకుండా జారిపోతే ఆ చోట రబ్బరు సరిగా అంటుకోవడం లేదు.

ఫ్రిజ్ లోపల వెనక గోడ అడుగున చిన్న కన్నం ఉంటుంది. కూర మెతుకులు అందులో చేరితే కుళ్లి ట్రేలోకి దిగుతాయి, వాసన వస్తుంది. కప్పు గోరువెచ్చని నీటిలో అరచెంచా వంటసోడా కలిపి, సూది లేని సిరంజితో మెల్లగా పోయండి. పుల్లతో గట్టిగా పొడవకండి.

మందు పెడితే ఎలా పెట్టాలి

మోటారు అరలోకి స్ప్రే కొట్టకండి. స్ప్రే డబ్బాల్లోని గ్యాస్ మండే రకం, ఇప్పటి చాలా ఫ్రిజ్‌లలో వాడే ఆర్600ఏ గ్యాస్ కూడా మండేదే. మోటారు ఆన్ అయ్యేటప్పుడు నిప్పురవ్వ పుట్టే అవకాశం ఉంది. ట్రేలో కిరోసినో ఫినాయిలో పోయడం ఇంకా తప్పు, మోటారు వేడికి ఆ ఆవిరి వంటింటి నిండా కమ్ముకుంటుంది. నాఫ్తలీన్ ఉండలు పెడితే వాసన తిండికి పడుతుంది, బొద్దింకలు మాత్రం పక్క సందులోకి జరుగుతాయంతే.

బొద్దింకల జెల్ మందు ఉత్తమం. ఫ్రిజ్ చుట్టూ మూడు నాలుగు మిల్లీమీటర్ల చుక్కలు ఆరు నుంచి ఎనిమిది చాలు: వెనక గోడా నేలా కలిసే మూలల్లో, ఫ్రిజ్ అడుగు చట్రం లోపలి అంచున, పై కీలు వెలుపల. లోపల గానీ రబ్బరు మీద గానీ పెట్టొద్దు. మోటారు ఒంటి మీద పెడితే వేడికి ఎండిపోయి పనికిరాదు. ప్యాకెట్ మీది సూచనలు పాటించండి, పిల్లలు, పెంపుడు జంతువులు చేరని చోటే పెట్టండి. జెల్ పెట్టిన చోట స్ప్రేగానీ ఫినాయిల్ గానీ వాడితే వాసనకు అవి దాన్ని తినవు. జెల్ పనిచేయలేదనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే.

మందు పెట్టాక కూడా కొన్ని వారాలకు పిల్లలు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. ఆడ బొద్దింక ముప్పై నలభై గుడ్ల తిత్తిని ఒంటికి అతికించుకుని దాదాపు నెలపాటు మోస్తుంది. అవి పొదిగి బయటికి వచ్చేదాకా వాటికి మందు అందదు. కాబట్టి వారానికోసారి చూసి, ఎండినవీ తినేసినవీ మార్చుతూ రెండు నెలలు కొనసాగించాలి. మన ఉదాహరణలో రెండు వారాలకు మోటారు దగ్గర నాలుగు పిల్లలు పడి, సింకు కింద ఏమీ లేకపోతే దారిలో ఉన్నట్టే. సింకు కింద అయిదు అలాగే ఉంటే మరో కాపురం అక్కడుంది, అక్కడా చుక్కలు పెట్టండి.

చీమలైతే

చీమల బారును వెంటనే తుడిచేయకండి. ముందు దాని రెండు కొసలు చూడండి: ఒకటి రబ్బరు మడతకో ట్రేకో పోతుంది, రెండోది గోడ సందుకు. తిండి కొసను సబ్బు నీటితో తుడవండి. గోడ కొస దగ్గర మందు పెట్టండి: కప్పు గోరువెచ్చని నీటిలో ఎనిమిది చెంచాల పంచదార, అరచెంచా బోరిక్ పొడి కరిగించి, దూదిని ముంచి సీసా మూతలో ఉంచండి. ఘాటు పెంచితే చీమలు దారిలోనే చచ్చిపోతాయి, పుట్టలోని రాణికి చేరదు. మొదటి రోజు బారు ఇంకా పెరుగుతుంది, అప్పుడు చంపకండి. రెండు మూడు రోజులకు బారు పలచబడ్డాక మిగిలిన దారంతా సబ్బు నీటితో తుడిచి, గోడ సందు మూసేయండి. ముందే మూస్తే అవి ఇంకో సందు చూసుకుంటాయి.

బారు తలుపు లోపలి నుంచో కీలు కన్నంలోంచో వస్తుంటే పుట్ట ఫ్రిజ్ పొరల్లోనే ఉందని అర్థం. అప్పుడు తలుపు విప్పించాలి, అది మెకానిక్ పని. స్టెబిలైజర్‌లోకి పోతుంటే ప్లగ్ తీసి, దాన్ని కూడా అతనికే చూపించండి.